వేతనాల విశ్లేషణలో సగటు, మధ్యగతం, బాహుళకం: చిలకలపూడి నగల పనిశాల ఉదాహరణ

సారాంశం

దత్తాంశాల కేంద్ర స్థానాన్ని తెలిపే కొలతలలో సగటు, మధ్యగతం, బాహుళకం ముఖ్యమైనవి. పంట దిగుబడుల వంటి సమతుల్య దత్తాంశాలలో ఈ మూడూ దాదాపు ఒకే చోట కలుస్తాయి. వేతనాలు, ఆదాయాలు, కమతాల విస్తీర్ణం వంటి విషమ దత్తాంశాలలో ఇవి ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. చిలకలపూడి గిల్టు నగల పనిశాలల తీరును పోలిన 21 మంది వేతన పట్టికను తీసుకొని, మూడు కొలతలూ ఏ ప్రశ్నకు సమాధానం చెబుతాయో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో, ఆ సంగతిని పరిశోధకుడు ఎలా గుర్తించాలో ఈ వ్యాసంలో వివరించబడింది.

ఉపోద్ఘాతం

వ్యవసాయ పరిశోధకునికి సగటు చిరపరిచితమైన కొలత. ఒక వరి వంగడాన్ని ఐదు మళ్లలో సాగు చేసినప్పుడు హెక్టారుకు 5.2, 5.4, 5.5, 5.6, 5.8 టన్నుల దిగుబడి వచ్చిందనుకుందాం. వాటి సగటు 5.5 టన్నులు. వరుసలో నడిమి విలువ కూడా 5.5 టన్నులే. ఒకే క్షేత్రంలో ఒకే యాజమాన్యం కింద పెరిగిన పంటలో ఏ ఒక్క మడీ మిగిలిన వాటికి పది రెట్లు దిగుబడి ఇవ్వదు. నేల, నీరు, మొక్కల సాంద్రత దిగుబడికి పైన ఒక హద్దును విధిస్తాయి. అందువల్ల విలువలు సగటుకు రెండు వైపులా ఇంచుమించు సమానంగా పరుచుకుంటాయి. ప్రయోగ క్షేత్రంలో సగటును నమ్మి మనం సాధారణంగా నష్టపోము.

అదే పరిశోధకుడు ప్రశ్నావళి పట్టుకొని గ్రామానికి వెళ్లి కుటుంబాల ఆదాయాన్ని నమోదు చేసేటప్పుడు పరిస్థితి మారిపోతుంది. వేతనానికి కింద సున్నా అనే హద్దు ఉంది. పైన హద్దు లేదు. ఒకే కప్పు కింద పనిచేసేవారిలో ఒకరికి మరొకరి కంటే పదిహేను రెట్లు ముట్టవచ్చు. మడి దిగుబడికి సరిపోయిన కొలతను అదే అలవాటుతో వేతనాలకు వాడినప్పుడు, లెక్కలో తప్పు లేకపోయినా నిర్ణయంలో తప్పు దొర్లుతుంది.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో భూమిలేని కుటుంబాలు నాట్లు, కోతలు, వరి తరువాత మినుము, చేపల, రొయ్యల చెరువుల పనులపై ఆధారపడతాయి. మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడి గిల్టు నగల తయారీకి ప్రసిద్ధి. అక్కడి పనిశాలలూ, సమీపంలోని పోతేపల్లిలో ఏర్పాటైన నగల పార్కూ వ్యవసాయేతర ఉపాధిని కల్పిస్తున్నాయి. పొలం పని మాని నగల పనికి మారితే ఒక కుటుంబానికి ఎంత మేలు జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మనం ఏ కొలతను ఎంచుకున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు తీసుకున్న వేతన పట్టిక

కింది పట్టికలోని అంకెలు ఏ పనిశాల నుండీ సేకరించినవి కావు. లెక్క సులభంగా సాగడానికి ఊహించి వేసినవి. పని విభజన మాత్రం ఇటువంటి పనిశాలల్లో కనిపించే రీతిలోనే ఉంది: అచ్చులు చేసేవారు కొద్దిమంది, రాళ్లు అతికేవారు ఎక్కువమంది, పైన ఒక నిర్వాహకుడు.

పట్టిక 1. ఒక నగల పనిశాలలో 21 మంది నెల వేతనాలు (రూపాయలలో)

| పని | వ్యక్తులు | వేతనాలు |
|---|---|---|
| నగలను అట్టలకు కట్టే కొత్తవారు | 4 | 7,000, 7,500, 7,500, 8,000 |
| రాళ్లు అతికేవారు | 6 | ఒక్కొక్కరికి 9,000 |
| అతుకులు వేసేవారు | 4 | 11,000, 11,000, 12,000, 12,500 |
| మెరుగు పెట్టేవారు | 2 | 13,000, 14,000 |
| అచ్చులు చేసేవారు | 2 | 18,000, 25,000 |
| పూత వేసే నిపుణుడు | 1 | 26,000 |
| పర్యవేక్షకుడు | 1 | 31,500 |
| నిర్వాహకుడు | 1 | 1,20,000 |
| మొత్తం | 21 | 3,78,000 |

మూడు కొలతల గణన

సగటు: వేతనాలన్నింటినీ కలిపి వ్యక్తుల సంఖ్యతో భాగించగా వచ్చేది సగటు. 3,78,000 ÷ 21 = 18,000 రూపాయలు. మొత్తం వేతనాన్ని 21 మందికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చే వాటా ఇది. సగటు చెప్పేది ఇంతే. ఎవరికైనా నిజంగా ఆ మొత్తం ముడుతున్నదని అది చెప్పదు.

మధ్యగతం: వేతనాలను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే విలువ మధ్యగతం. వ్యక్తుల సంఖ్య n బేసి అయితే (n + 1) ÷ 2వ స్థానంలోని విలువను తీసుకోవాలి. ఇక్కడ అది 11వ స్థానం. మొదటి నాలుగు స్థానాల్లో కొత్తవారు, తరువాతి ఆరు స్థానాల్లో రాళ్లు అతికేవారు ఉన్నారు. 11వ స్థానంలో అతుకులు వేసే వ్యక్తి ఉన్నాడు. కనుక మధ్యగతం 11,000 రూపాయలు. సంఖ్య సరి అయినప్పుడు నడిమి రెండు విలువల సగటును మధ్యగతంగా తీసుకుంటారు.

బాహుళకం: అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చే విలువ బాహుళకం. 9,000 రూపాయలు ఆరుసార్లు వచ్చింది. మరే వేతనమూ రెండుసార్లకు మించి రాలేదు. కనుక బాహుళకం 9,000 రూపాయలు.

ఒకే పనిశాల, ఒకే నెల, ఒకే పట్టిక. అయినా మూడు జవాబులు వచ్చాయి: 18,000, 11,000, 9,000. మూడింటిలోనూ గణన సరైనదే. భేదం అవి అడిగే ప్రశ్నలో ఉంది. ‘మొత్తాన్ని సమంగా పంచితే ఎంత?’ అన్నది సగటు ప్రశ్న. ‘ఎంత వేతనం దగ్గర పనివారు రెండు సగాలుగా విడిపోతారు?’ అన్నది మధ్యగతం ప్రశ్న. ‘ఎక్కువమంది ఒకే విధంగా పొందుతున్న వేతనం ఏది?’ అన్నది బాహుళకం ప్రశ్న.

సగటు ఎందుకు పైకి జరిగింది?

పట్టికలో సగటు కంటే తక్కువ వేతనం పొందేవారు 16 మంది. సరిగ్గా 18,000 పొందేవారు ఒకరు. అంతకంటే ఎక్కువ పొందేవారు నలుగురే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ‘సగటు’ అందలేదు. దీనికి కారణం సగటు స్వభావంలోనే ఉంది.

సగటును త్రాసు ముల్లుగా భావించవచ్చు. సగటుకు దిగువన ఉన్నవారి లోటులన్నీ కలిపితే ఎంతవుతుందో, ఎగువన ఉన్నవారి మిగులులన్నీ కలిపితే అంతే కావాలి. నిర్వాహకుని వేతనం సగటును మించి 1,02,000 రూపాయలు ఉంది. కింద ఉన్న రాళ్లు అతికే ఒక్కొక్కరి లోటు 9,000 రూపాయలే. అటువంటివారు పదకొండు మంది కూడినా ఆ ఒక్కరి బరువుకు సరితూగరు. అందుచేత ముల్లు ఆయన వైపునకు జరిగింది. మధ్యగతానికి ఈ బరువుతో పనిలేదు. దానికి ఆయన 11వ వ్యక్తికి పైనున్న పదిమందిలో ఒకరు మాత్రమే.

ఒక మార్పు చేసి చూస్తే ఇది స్పష్టమవుతుంది. నిర్వాహకుని వేతనం 1,20,000 నుండి 2,25,000కు పెరిగిందనుకుందాం. మిగిలిన ఇరవై మందికి ఒక్క రూపాయి కూడా పెరగలేదు. మొత్తం 4,83,000 అవుతుంది, సగటు 23,000కు చేరుతుంది. మధ్యగతం 11,000 వద్దా, బాహుళకం 9,000 వద్దా కదలకుండా ఉంటాయి. ‘గత ఏడాదితో పోలిస్తే సగటు వేతనం 5,000 రూపాయలు పెరిగింది’ అని నివేదికలో రాస్తే ఆ వాక్యం గణితరీత్యా సత్యం. చదివినవారు పొందే అభిప్రాయం మాత్రం అసత్యం.

విలువలు ఈ విధంగా ఒక వైపు గుమిగూడి, రెండవ వైపు పొడవుగా సాగినప్పుడు ఆ దత్తాంశానికి వైషమ్యం ఉన్నదంటారు. వేతనాలలో ఆ సాగిన తోక సాధారణంగా ఎక్కువ విలువల వైపు, అంటే కుడివైపు ఉంటుంది. అటువంటప్పుడు బాహుళకం, మధ్యగతం, సగటు ఈ వరుసలో ఎడమ నుండి కుడికి నిలవడం పరిపాటి. సగటు తోక ఉన్న దిశలో ఎక్కువగా జరుగుతుంది.

కొలత మారితే నిర్ణయం మారుతుంది

ఈ తేడా ఒక కుటుంబానికి ఎలా తగులుతుందో చూద్దాం. ఒక వ్యవసాయ కూలీకి నాట్లు, కలుపు, కోతలు, చెరువు పనులు అన్నీ కలిపి ఏడాదిలో 240 రోజుల పని, రోజుకు 500 రూపాయల కూలి లభిస్తుందని అనుకుందాం. ఏడాదికి 1,20,000 రూపాయలు, నెలకు 10,000 రూపాయలు వస్తాయి. పొలం పని విడిచి నగల పనిలో చేరాలా వద్దా అని ఆ కుటుంబం ఆలోచిస్తున్నది.

సగటును చూస్తే నగల పనిలో నెలకు 8,000 రూపాయలు అధికంగా వస్తాయి, వెంటనే మారవలసిందే. మధ్యగతాన్ని చూస్తే లాభం 1,000 రూపాయలు. రాకపోకల ఖర్చుకు అది చాలకపోవచ్చు. బాహుళకాన్ని చూస్తే నెలకు 1,000 రూపాయలు నష్టం. ఒకే పట్టిక నుండి మూడు భిన్నమైన సలహాలు వెలువడ్డాయి.

వీటిలో ఏది ఆ కుటుంబానికి ఉపయోగపడుతుంది? కొత్తగా చేరే వ్యక్తి నిర్వాహకుని స్థానంలోకి గానీ, అచ్చుల పనిలోకి గానీ వెళ్లడు. మొదట నగలను అట్టలకు కట్టి, తరువాత రాళ్ల పని నేర్చుకుంటాడు. కనుక తొలి నెలల్లో 7,000 నుండి 8,000, పని పట్టుబడిన తరువాత 9,000 రూపాయలు ఆశించవచ్చు. ఇక్కడ బాహుళకమే వాస్తవానికి దగ్గరగా ఉన్నది, అది కూడా చేరిన కొంతకాలానికి. శిక్షణ పథకం ప్రతిపాదనలో 18,000 రూపాయలను ‘ఆశించదగిన ఆదాయం’గా చూపి, దాని ఆధారంగా అప్పు వాయిదాలను నిర్ణయిస్తే, ఆ వాయిదా 9,000 సంపాదించే ఇంటి మీద పడుతుంది.

నిర్వాహకుని పేరు కొట్టివేస్తే సరిపోతుందా?

చాలామంది చేసే సవరణ ఇది: ‘విపరీత విలువ’ అని నిర్వాహకుణ్ణి తొలగించి సగటును మళ్లీ లెక్కించడం. అప్పుడు 20 మందికి మొత్తం 2,58,000 రూపాయలు, సగటు 12,900. మధ్యగతం 9,000, 11,000ల నడిమి విలువ, అంటే 10,000. సగటు 5,100 రూపాయలు పడిపోగా మధ్యగతం 1,000 రూపాయలే తగ్గింది. ఒక్క విలువ ప్రభావానికి ఏ కొలత ఎంత లోబడుతుందో దీనిని బట్టి తెలుస్తుంది. అయినప్పటికీ ఇంకా 14 మంది వేతనం సగటుకు దిగువనే ఉంది. తోక పొట్టిదయింది గాని పోలేదు.

పైగా, ఎవరిని తొలగించాలన్నది గణాంక సూత్రం తేల్చే విషయం కాదు. అది అధ్యయన నిర్వచనానికి సంబంధించినది. నిర్వాహకుడు యజమాని కుటుంబసభ్యుడైతే ఆయన తీసుకునే మొత్తంలో కొంత భాగం జీతం, మిగతాది లాభం కావచ్చు. ‘పనివారి వేతనం’ అధ్యయన విషయమైతే మొదటి నుండీ ఆయనను చేర్చనవసరం లేదు. ‘పనిశాలలోని అందరి వేతనం’ విషయమైతే ఆయనను తీసివేయడానికి వీలు లేదు. నిర్ణయం దత్తాంశ సేకరణకు ముందే తీసుకొని వ్యాసంలో రాయాలి. ఫలితం చూసిన తరువాత తొలగించడం పరిశోధన కాదు.

దీనికి ఎదురుగా మరొక లోపం ఉన్నది. పనిశాల రిజిస్టరులో పేరు లేకుండా, ఇంటి వద్దనే కూర్చుని ముక్కల లెక్కన రాళ్లు అతికేవారు ఉంటారు. రిజిస్టరును మాత్రమే నకలు చేసుకుంటే వారు పట్టికలోకి రారు. తక్కువ సంపాదించేవారు ఈ విధంగా జారిపోతే మధ్యగతం కూడా వాస్తవం కంటే పైకి జరుగుతుంది. కొలత ఎంత మంచిదైనా లెక్కలోకి రానివారిని అది చూపలేదు.

నమూనా చిన్నదైనప్పుడు

సర్వేలో అందరినీ అడగడం సాధ్యం కాక కొందరిని ఎంచుకుంటాం. ఈ 21 మందిలో చీటీలు తీసి 10 మందిని ఎంచుకున్నామనుకుందాం. నిర్వాహకుని చీటీ రాకపోతే, పలుమార్లు తీసిన నమూనాల సగటు 12,900 చుట్టూ తిరుగుతుంది. ఆయన చీటీ వస్తే, మిగిలిన తొమ్మిది మంది 12,900 చొప్పునా, ఆయన 1,20,000 చొప్పునా కలిసి సగటు సుమారు 23,610 అవుతుంది. అసలు సగటు 18,000 ఈ రెండింటికీ నడుమ ఉన్నది, కాని నమూనాలు ఎక్కువగా ఇటు గుంపునో అటు గుంపునో చేరుతాయి. ఒక్క చీటీ వచ్చిందా లేదా అన్నదానిపై ఫలితం దాదాపు రెట్టింపుగా మారుతుంది.

ఇద్దరు విద్యార్థులు ఒకే పనిశాలలో వేరువేరుగా సర్వే చేసి, ఒకరు 13,000, మరొకరు 23,000 తెస్తే ఎవరూ అంకెలు కల్పించినట్లు కాదు. విషమ దత్తాంశంలో చిన్న నమూనా సగటుకు స్థిరత్వం ఉండదు. ఆ ఇద్దరి మధ్యగతాలను పోల్చితే ఇంత దూరం సాధారణంగా కనిపించదు.

వైషమ్యాన్ని గుర్తించే విధానం

నివేదికలో సగటు మాత్రమే రాయబోయే ముందు మూడు పరీక్షలు చేసుకోవచ్చు. వీటికి కాగితం, కలం చాలు.

మొదటిది, సగటును మధ్యగతంతో పోల్చడం. ఇక్కడ 18,000, 11,000ల మధ్య తేడా 7,000, అంటే మధ్యగతంలో సుమారు 64 శాతం. వరి మళ్ల ఉదాహరణలో ఈ తేడా సున్నా.

రెండవది, సగటు ఏ చతుర్థాంశంలో పడుతుందో చూడడం. వరుసలో (n + 1) ÷ 4వ స్థానం మొదటి చతుర్థాంశాన్ని, 3(n + 1) ÷ 4వ స్థానం మూడవ చతుర్థాంశాన్ని ఇస్తాయి. మన పట్టికలో అవి 5.5, 16.5 స్థానాలు. 5వ, 6వ విలువలు రెండూ 9,000 కనుక మొదటి చతుర్థాంశం 9,000. 16వ, 17వ విలువలు 14,000, 18,000 కనుక మూడవ చతుర్థాంశం వాటి నడిమి విలువ 16,000. సగటు 18,000 మూడవ చతుర్థాంశాన్ని కూడా దాటిపోయింది. ఇటువంటి సగటును ‘సామాన్య పనివాని వేతనం’ అనడానికి వీలులేదు.

మూడవది, క్రమ విచలనాన్ని గమనించడం. ఈ పట్టికకు క్రమ విచలనం సుమారు 23,740 రూపాయలు. అది సగటు కంటే పెద్దది. ‘సగటు ± క్రమ విచలనం’ అని వ్యాసాలలో రాసే అలవాటు ప్రకారం దిగువ హద్దు −5,740 అవుతుంది. రుణాత్మక వేతనం ఉండదు. అటువంటి హద్దు వచ్చిందంటే దత్తాంశం సమతుల్యంగా లేదని అర్థం. విచలనాల వర్గాల మొత్తంలో సుమారు 88 శాతం నిర్వాహకుని ఒక్క విలువ నుండే వచ్చింది. అంటే ఈ క్రమ విచలనం ఇరవై ఒక్క మంది వ్యత్యాసాలను గాక, ఒక్కరి దూరాన్ని కొలిచింది.

విద్యార్థులు చేసే మరొక పొరపాటును కూడా ఇక్కడ చెప్పాలి. పాఠ్యపుస్తకాలలో సగటు, మధ్యగతం, బాహుళకాల మధ్య ఒక అనుభావిక సంబంధం ఉంటుంది:

బాహుళకం = 3 × మధ్యగతం − 2 × సగటు

మన విలువలను ప్రతిక్షేపిస్తే 33,000 − 36,000 = −3,000 వస్తుంది. అసలు బాహుళకం 9,000. ఈ సంబంధం వైషమ్యం స్వల్పంగా ఉన్నప్పుడు మాత్రమే ఉజ్జాయింపుగా పనిచేస్తుంది. వేతన పట్టికలో బాహుళకాన్ని నేరుగా పౌనఃపున్యాల నుండి తీసుకోవాలే గాని, ఈ సూత్రం నుండి తేకూడదు.

మధ్యగతానికీ బాహుళకానికీ ఉన్న పరిమితులు

సగటు దోషాలను చూసి మధ్యగతాన్ని అన్నిచోట్లా వాడడం కూడా సరికాదు. పనిశాల యజమాని నెలకు ఎంత నగదు సమకూర్చుకోవాలో తెలుసుకోవాలంటే సగటే కావాలి. సగటును 21తో గుణిస్తే 3,78,000 వస్తుంది. మధ్యగతాన్ని గుణిస్తే 2,31,000 మాత్రమే వస్తుంది, జీతాల రోజున 1,47,000 రూపాయలు తక్కువపడతాయి. మొత్తానికి సంబంధించిన ప్రశ్నకు సగటే సరైన జవాబు. రెండు పనిశాలల సగటులనూ, వ్యక్తుల సంఖ్యనూ బట్టి ఉమ్మడి సగటును పొందవచ్చు. రెండు మధ్యగతాల నుండి ఉమ్మడి మధ్యగతం పొందడం సాధ్యం కాదు, మూల వేతనాలన్నీ మళ్లీ పేర్చవలసిందే.

మధ్యగతం కొన్ని నిజమైన మార్పులను కూడా గమనించదు. రాళ్లు అతికే ఆరుగురికి వేతనం 9,000 నుండి 10,500కు పెరిగిందనుకుందాం. ఆ ఆరు ఇళ్లకు అది చిన్న విషయం కాదు. బాహుళకం 10,500కు మారుతుంది. మధ్యగతం మాత్రం 11,000 వద్దనే ఉంటుంది, ఎందుకంటే 11వ వ్యక్తి మారలేదు. కూలి పెంపు ఫలితాన్ని అంచనా వేసే అధ్యయనంలో మధ్యగతం ఒక్కటే ఇస్తే ‘మార్పు లేదు’ అనే తప్పుడు నిర్ణయానికి రావచ్చు. మొదటి చతుర్థాంశాన్ని కూడా ఇస్తే అది 9,000 నుండి 10,500కు పెరిగినట్లు కనిపిస్తుంది.

బాహుళకం వేతనాలు ఏ విధంగా చెల్లించబడుతున్నాయన్న దానిపై ఆధారపడుతుంది. నెల జీతం ఒకే మొత్తంగా ఖరారైన చోట బాహుళకం స్పష్టంగా కనిపిస్తుంది. ముక్కల లెక్కన చెల్లించే చోట ఒకరికి 8,930, మరొకరికి 9,060, ఇంకొకరికి 9,115 రూపాయలు వస్తే ఏ విలువా రెండుసార్లు రాదు. అప్పుడు తరగతులుగా విభజించక తప్పదు. 8,500–9,500 అని తరగతి చేస్తే ఒక బాహుళకం, 9,000–10,000 అని చేస్తే మరొకటి రావచ్చు. అందుచేత తరగతి వెడల్పును, మొదటి హద్దును నివేదికలో పేర్కొనాలి.

ప్రచురిత గణాంకాలను చదివే విధానం

మనం తరచుగా ఉదాహరించే అధికారిక గణాంకాలకు కూడా ఈ దృష్టి అవసరం. జాతీయ నమూనా సర్వే 77వ విడతలోని వ్యవసాయ కుటుంబాల స్థితి అంచనా ప్రకారం, 2018 జూలై–2019 జూన్ వ్యవసాయ సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం 10,480 రూపాయలు, దేశ సగటు 10,218 రూపాయలు. ఇవి సగటులు. ‘రాష్ట్రంలో సగం కుటుంబాలకు పదివేలకు పైగా ఆదాయం ఉంది’ అని వీటినుండి రాయడం తగదు. ఆ మాట చెప్పాలంటే మధ్యగతం కావాలి.

కమతాల విషయంలో ప్రచురిత పట్టిక నుండే వైషమ్యాన్ని రుజువు చేయవచ్చు. 2015–16 వ్యవసాయ గణనలో దేశపు సగటు కమతం 1.08 హెక్టార్లు. అదే గణనలో సుమారు 68.5 శాతం కమతాలు ఒక హెక్టారులోపు ఉన్న సన్నకారు కమతాలు. సగం కంటే ఎక్కువ కమతాలు ఒక హెక్టారులోపే ఉన్నప్పుడు మధ్యగతం తప్పనిసరిగా ఒక హెక్టారుకు తక్కువే. ఆ తరగతిలో కమతాలు సమంగా పరుచుకున్నాయని భావిస్తే మధ్యగతం 50 ÷ 68.5, అంటే సుమారు 0.73 హెక్టారు. కాని సన్నకారు కమతపు సగటు 0.38 హెక్టారు మాత్రమే. సమంగా పరుచుకొని ఉంటే అది 0.5 ఉండాలి. కమతాలు ఇంకా చిన్న విస్తీర్ణాల వద్ద గుమిగూడి ఉన్నాయని ఇది సూచిస్తున్నది. కనుక నడిమి రైతు కమతం 0.73 కంటే కూడా తక్కువ కావచ్చు. 1.08 హెక్టార్లకు సరిపడేలా రూపొందించిన యంత్రం గానీ, సాగు ప్రణాళిక గానీ అధిక సంఖ్యాకులైన రైతుల పొలానికి పెద్దదే అవుతుంది.

ఇతర దేశాలలో మధ్యగతానికి ప్రాధాన్యమిచ్చే ఉదాహరణలు ఉన్నాయి. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం వేతనాల వార్షిక సర్వేలో మధ్యగతాన్నే ప్రధాన సూచికగా ప్రకటిస్తుంది. అమెరికా జనగణన శాఖ కుటుంబ ఆదాయానికి ప్రధానంగా మధ్యగతాన్ని ఇస్తుంది.

ముగింపు

చిలకలపూడి ఉదాహరణలోని పనిశాలను ఒకే అంకెతో వర్ణించడం సాధ్యం కాదు. దానిని నివేదించదగిన రూపం ఇది: ‘21 మందిలో మధ్యగత వేతనం 11,000 రూపాయలు. నడిమి సగం మంది 9,000, 16,000 రూపాయల మధ్య ఉన్నారు. అత్యధికంగా ఆరుగురు 9,000 పొందుతున్నారు. సగటు 18,000 రూపాయలు. ఇందులో నిర్వాహకుని వేతనం 1,20,000 చేరి ఉంది, ఆయనను మినహాయిస్తే సగటు 12,900.’ ఇంతకు మించి స్థలం అవసరం లేదు. ఈ ఐదు వాక్యాలు చదివిన బ్యాంకు అధికారి అప్పు వాయిదాను 18,000 మీద లెక్కించడు. పొలం పని మానదలచిన కూలీ కూడా తాను ఏ వేతనంతో మొదలవుతాడో తెలుసుకొనే నిర్ణయిస్తాడు.